యజమాని ఆమోదం రాక స్లాబ్ ఆగిపోతే: ఆ ఉత్తరం రాసే పద్ధతి

ఇల్లు కట్టించి ఇచ్చే కాంట్రాక్టర్లందరికీ తెలిసిన పరిస్థితే ఇది. డ్రాయింగ్ పంపి చాలా రోజులైంది. యజమాని "చూసి చెప్తానండీ" అన్నారు, తర్వాత జవాబు లేదు. సెంట్రింగ్ కొట్టేశాం, ఇనుము వచ్చేసింది, మేస్త్రీ రోజూ ఫోన్ చేస్తున్నాడు. ఇలాంటప్పుడు చాలామంది రాసేది "సార్, డ్రాయింగ్ అప్రూవల్ పెండింగ్‌లో ఉంది, దయచేసి త్వరగా చూడగలరు" అన్న ఒక్క వాక్యం. అది చదివాక యజమానికి కొత్తగా తెలిసేదేమీ లేదు. ఏ తేదీ దాటితే ఏం జరుగుతుందో, ఎంత ఖర్చవుతుందో అందులో లేదు. నాలుగు రోజులాగి అదే వాక్యం మళ్లీ పంపినా ఫలితం మారదు.

పనికొచ్చే ఉత్తరం ఎలా తయారవుతుందో ఒక ఉదాహరణతో చెప్తాను. గుంటూరులో జీ ప్లస్ వన్ ఇల్లు, యజమాని డల్లాస్‌లో ఉద్యోగం. గ్రౌండ్ ఫ్లోర్ పైకప్పు స్లాబ్ వేయాలి. దానికి రెండు విషయాల్లో ఆయన మాట కావాలి. మొదటిది పై అంతస్తు బాత్రూమ్ ఎక్కడ వస్తుందన్నది, ఎందుకంటే అక్కడ స్లాబ్‌ను కిందికి దింపి సంకెన్‌గా వేయాలి. రెండోది ఫ్యాన్ బాక్సులు, లైట్ పాయింట్లు ఎక్కడెక్కడ అన్నది. ఇందులో రూపాయల లెక్కలన్నీ ఉదాహరణ కోసం వేసుకున్నవే. మీ ఊళ్లో అద్దెలు, కూలి రేట్లు వేరుగా ఉంటాయి.

మొదట మన వైపు చూసుకోవాలి

ఉత్తరం మొదలుపెట్టే ముందు పాత మెయిళ్లు, వాట్సాప్ తీసి చూడండి. డ్రాయింగ్ ఏ రోజు పంపాం? పంపింది చివరి సవరణేనా, పాతదా? ఒప్పందంలో ఆమోదానికి ఎన్ని రోజులు రాసుకున్నాం? అన్నిటికంటే ముఖ్యంగా, మధ్యలో ఆయన ఏదైనా అడిగితే మనం జవాబిచ్చామా? "బాత్రూమ్ పడమర వైపు మార్చితే ఖర్చెంత?" అని ఆయన డిసెంబర్ 1న అడిగి ఉండి, మనం చెప్పకుండా ఉంటే, ఆలస్యం ఆయనది కాదు. ఆ సంగతి ఆయన జవాబులో బయటపడేకంటే ముందే మనకు తెలియడం మంచిది. అప్పుడు ముందు ఆ ప్రశ్నకు జవాబు రాసి, గడువు అక్కడి నుంచి లెక్కపెట్టాలి.

మన ఉదాహరణలో లెక్క సరిగ్గానే ఉంది. డ్రాయింగ్ నవంబర్ 28న వెళ్లింది. ఒప్పందం ప్రకారం 5 రోజులు, అంటే డిసెంబర్ 3కల్లా జవాబు రావాలి. ఈరోజు డిసెంబర్ 10. ఆయన అడిగిన ప్రశ్నలేవీ మిగిలి లేవు.

నిజంగా ఏది ఆగింది?

ఇక్కడ చాలామంది తొందరపడతారు. ఆమోదం 7 రోజులు ఆలస్యమైంది కాబట్టి పని 7 రోజులు ఆగిందని రాసేస్తారు. అది నిజం కాదు. డిసెంబర్ 8 దాకా సెంట్రింగ్ పని ఎలాగూ నడుస్తోంది. ఆయన 3న ఒప్పుకున్నా ఇనుము కట్టడం మొదలయ్యేది 9నే. అంటే ఆయన వల్ల ఆగింది డిసెంబర్ 9 నుంచి మాత్రమే. ఈ ఉత్తరం రాసే 10వ తేదీ ఉదయానికి అసలు నష్టం ఒక్కరోజు. ఈ తేడా యజమాని పట్టుకోలేకపోయినా ఆయన స్నేహితుల్లో ఎవరో ఒక సివిల్ ఇంజినీరు ఉంటాడు, అతను పట్టుకుంటాడు. ఒక్క లెక్క తప్పని తేలితే మిగతా ఉత్తరాన్ని ఎవరూ నమ్మరు.

అలాగే ఆగనివి ఏమిటో కూడా రాసుకోండి. సంపు పని, ప్రహరీ కట్టుబడి స్లాబ్‌తో సంబంధం లేకుండా నడుస్తాయి. "సైటు మొత్తం ఆగిపోయింది" అని రాస్తే, అదే రోజు ఆయన బంధువెవరో అటు వెళ్లి ప్రహరీ కడుతున్న ఫోటో పంపుతారు.

ఇప్పుడు ఆగినవాటి వరస చూడాలి. ఆమోదం వచ్చాక ఇనుము కట్టడానికి 3 రోజులు, కండ్యూట్ పైపులు, ఫ్యాన్ బాక్సులు పెట్టడానికి ఒకరోజు, ఇంజినీరు చూసి సరిచేయించడానికి ఒకరోజు, ఆ మర్నాడు కాంక్రీటు. మొదట అనుకున్నట్టయితే 9 నుంచి 11 వరకు ఇనుము, 12న ఎలక్ట్రికల్, 13న పరిశీలన, 14న కాంక్రీటు. హాల్లో స్లాబ్ స్పాన్ 4.5 మీటర్లు దాటింది కాబట్టి ఐఎస్ 456 ప్రకారం జాకీలు కనీసం 14 రోజులు ఉంచాలి. అలా చూస్తే సెంట్రింగ్ విప్పడం డిసెంబర్ 28న మొదలవ్వాలి. విప్పితేగానీ లోపలి గోడల కట్టుబడి మొదలవ్వదు.

చివరి తేదీని వెనక నుంచి లెక్కపెట్టండి

ఉత్తరంలో ప్రాణం ఉండేది ఇక్కడే, అందుకే కొంచెం నింపాదిగా చెప్తాను. ఆలస్యానికి అయ్యే ఖర్చు రోజుకింత అని సమంగా పెరగదు. కొంతకాలం రోజుకు కొద్దికొద్దిగా పెరిగి, ఒక తేదీ దాటగానే ఒక్కసారిగా ఎగురుతుంది. యజమానికి తెలియనిది ఆ తేదీయే. "ఇంకో రెండు రోజులు ఆగితే ఏమవుతుందిలే" అని ఆయన అనుకోవడానికి కారణం అది మనం చెప్పకపోవడమే.

మన సైటులో ఆ తేదీని నిర్ణయించేది సంక్రాంతి. సెంట్రింగ్ ముఠా జనవరి 8 ఉదయం ఊళ్లకు బయల్దేరుతుంది, 20 సాయంత్రానికి గానీ తిరిగి రాదు. (ధనుర్మాసంలో కొత్తగా ముగ్గు పోయడానికి వెనకాడేవాళ్లున్నారు గానీ, నడుస్తున్న పని ఎవరూ ఆపరు.) విప్పడానికి 2 రోజులు పడుతుంది కాబట్టి జనవరి 6, 7 తేదీల్లో విప్పేయాలి. 6న విప్పాలంటే అంతకు 14 రోజుల ముందు, అంటే డిసెంబర్ 23న కాంక్రీటు పడాలి. దానికి 22న ఇంజినీరు చూడాలి, 21న ఎలక్ట్రికల్, 18 నుంచి 20 వరకు ఇనుము. 18 ఉదయం ఇనుము మొదలవ్వాలంటే 17 సాయంత్రానికి ఆమోదం మన చేతిలో ఉండాలి.

అది ఒక్కరోజు వెనక్కి జరిగితే ఏమవుతుందో చూడండి. ఆమోదం 18న వస్తే కాంక్రీటు 24న, 14 రోజులు జనవరి 7తో పూర్తి. 7, 8 తేదీల్లో విప్పాలి, కానీ 8 ఉదయానికే మనుషులుండరు. ఇక విప్పేది జనవరి 21నే. ఒక్కరోజు ఆలస్యం 15 రోజులుగా మారింది.

రూపాయల్లోకి మారిస్తే ఇలా ఉంటుంది. సెంట్రింగ్ షీట్లు, జాకీల అద్దె రోజుకు 1,800 అనుకుందాం. 17లోగా జవాబు వస్తే విప్పడం డిసెంబర్ 28 నుంచి జనవరి 6కు జరుగుతుంది, 9 రోజులకు 16,200. 17 దాటితే జనవరి 21కి జరుగుతుంది, 24 రోజులకు 43,200. ఆ ఒక్కరోజు ఖరీదు 27,000. యజమాని ముందు పెట్టాల్సిన అంకె ఇదే.

లెక్కలో ఏది కలపకూడదు

ఇనుము కట్టేవాళ్లను వేరే సైటుకు పంపేసి ఉంటే వాళ్ల ఖాళీ కూలి అడగకండి. చేతనైన చోట నష్టాన్ని తగ్గించుకోవడం మన పనే. భారత కాంట్రాక్టు చట్టం సెక్షన్ 73 కూడా నష్టం లెక్కేసేటప్పుడు, దాన్ని తగ్గించుకునే దారులు ఉన్నాయా అన్నది చూడమంటుంది. పంపేశామని ఉత్తరంలో ఒక ముక్క రాస్తే మన మీద నమ్మకం పెరుగుతుంది.

ఇనుము తుప్పు పడుతుందని భయపెట్టడం కూడా అనవసరం. వారం పది రోజులు బయట ఉన్న కడ్డీల మీద వచ్చే పలచటి తుప్పుతో ఇబ్బంది లేదు. పెచ్చులుగా ఊడే తుప్పు అయితేనే వైర్ బ్రష్‌తో గీకి శుభ్రం చేయాలి. తెలిసినవాళ్లు చదివితే నవ్వుకునే మాట ఉత్తరంలో ఉండకూడదు. సిమెంటు కూడా అంతే. నెలల తరబడి నిలవుంటే బలం తగ్గుతుంది గానీ, పొడిగా కట్టి పెట్టిన బస్తాలకు రెండు వారాల్లో ఏమీ కాదు.

అడిగేదాన్ని విడగొట్టండి

ఆయన జవాబివ్వకపోవడానికి కారణం బద్ధకం కాకపోవచ్చు. మా అనుభవంలో ఎక్కువసార్లు కారణం వాస్తు. సిద్ధాంతి గారు బాత్రూమ్ గురించి ఇంకా తేల్చలేదు, ఇంట్లో పెద్దవాళ్లు ఒక మాట, భార్యాభర్తలు ఒక మాట. ఆ ఒక్కటీ తేలక, దానితో ఏ గొడవా లేని ఫ్యాన్ పాయింట్లు కూడా ఆగిపోతాయి. "మొత్తం డ్రాయింగ్ ఆమోదించండి" అని అడిగితే ఆయన మొత్తాన్నీ పక్కన పెడతారు.

కాబట్టి ఏది ఎప్పటికి కావాలో విడివిడిగా చెప్పండి. సంకెన్ స్లాబ్ స్థానం ఇనుము మొదలయ్యేలోపు తేలాలి, అంటే 17కి. లైట్లు, ఫ్యాన్లు 21న పెడతాం కాబట్టి వాటికి 20 సాయంత్రం దాకా సమయముంది. బాత్రూమ్ పడమరకు మార్చాలంటే స్ట్రక్చరల్ ఇంజినీరు బీములు మళ్లీ లెక్కేయడానికి 2 రోజులు కావాలి, అందువల్ల ఆ నిర్ణయమైతే 15 సాయంత్రానికే చెప్పాలి. ఒప్పుకోవడానికి ఒక గడువు, మార్చడానికి అంతకంటే ముందు గడువు. ఈ రెండోదాన్ని చాలామంది మర్చిపోతారు. చివరి రోజున "సరే, కానీ ఇది కాస్త మార్చండి" అని జవాబు వస్తే లెక్కంతా తలకిందులవుతుంది.

గడువును ఆయన గడియారంలో కూడా రాయండి. డిసెంబర్‌లో డల్లాస్ మనకంటే పదకొండున్నర గంటలు వెనక. 17 సాయంత్రం 6 అంటే ఆయనకు 17 తెల్లవారుజామున 6:30. ఆఫీసు నుంచి వచ్చి తీరిగ్గా చూద్దామనుకుంటే గడువు అప్పటికే దాటి ఉంటుంది. అందుకని "మీకు 16 రాత్రి 10 గంటల్లోపు" అని రాస్తే తికమక ఉండదు. అది మనకు 17 ఉదయం 9:30. ఉత్తరం కూడా మన ఉదయం 7 గంటలకు పంపితే ఆయనకు ముందురోజు రాత్రి 7:30, ఇంటి దగ్గర చదివే వేళ.

ఉత్తరం

విషయం వరుస నుంచే పని మొదలవ్వాలి. "రిమైండర్" అని కాక, ఏం కావాలి, ఎప్పటికి అన్నది అక్కడే ఉండాలి.

> విషయం: గ్రౌండ్ ఫ్లోర్ స్లాబ్ – బాత్రూమ్ స్థానంపై మీ నిర్ణయం డల్లాస్ టైమ్ ప్రకారం డిసెంబర్ 16 రాత్రి 10 లోపు కావాలి
>
> నమస్కారం సార్,
>
> నవంబర్ 28న పంపిన స్లాబ్ డ్రాయింగ్ (సవరణ 1) మీద మీ నిర్ణయం ఇంకా అందలేదు. డిసెంబర్ 3కి అనుకున్నాం. సెంట్రింగ్ 8న పూర్తయింది. మీ మాట రాగానే ఇనుము కట్టడం మొదలుపెడతాం. ఈ కారణంగా స్లాబ్ పని 9 నుంచి ఆగి ఉంది. సంపు, ప్రహరీ పనులు నడుస్తున్నాయి. ఇనుము కట్టేవాళ్లను ప్రస్తుతానికి వేరే సైటుకు పంపాను, వాళ్ల కూలి మీ మీద పడదు.
>
> మీరు చెప్పాల్సినవి రెండు:
>
> 1. పై అంతస్తు బాత్రూమ్. (అ) డ్రాయింగ్‌లో ఉన్నట్టు వాయవ్యంలోనే, లేదా (ఆ) పడమర వైపు మెట్ల పక్కకు. (అ) అయితే మీకు 16 రాత్రి 10 లోపు చెప్తే చాలు. (ఆ) అయితే బీముల డిజైన్ మార్చడానికి 2 రోజులు పడుతుంది కాబట్టి 14 రాత్రి 10 లోపు చెప్పాలి.
>
> 2. ఫ్యాన్, లైట్ పాయింట్లు. వీటికి మీకు 19 రాత్రి దాకా సమయముంది. ముందు మొదటిది తేల్చండి.
>
> ఈ తేదీ ఎందుకంటే, కాంక్రీటు వేశాక జాకీలు 14 రోజులు ఉంచాలి. సెంట్రింగ్ వాళ్లు జనవరి 8 ఉదయం పండక్కి వెళ్లి 20 సాయంత్రం వస్తారు. 16 రాత్రిలోపు చెప్తే వాళ్లు వెళ్లేలోపే విప్పేస్తాం. ఆలస్యం 9 రోజులు, అదనపు అద్దె 16,200. అది దాటితే విప్పడం జనవరి 21కి పోతుంది. ఆలస్యం 24 రోజులు, అదనపు అద్దె 43,200. లోపలి గోడలు కూడా అంతే వెనక్కి వెళ్తాయి.
>
> బాత్రూమ్ స్థానం స్లాబ్ వేశాక మార్చలేం కాబట్టి మీ జవాబు రాకుండా ముందుకు వెళ్లను. వాస్తు విషయం తేలాల్సి ఉంటే చెప్పండి, సిద్ధాంతి గారితో నేను, మా ఇంజినీరు కలిసి ఫోన్‌లో మాట్లాడతాం.
>
> "1-అ ఆమోదం" లేదా "1-ఆ కావాలి" అని ఈ మెయిల్‌కు జవాబు రాస్తే సరిపోతుంది.

ఉత్తరంలో (ఆ)కు 14 రాత్రి అని ఉంది, పైన నేను 15 సాయంత్రం అన్నాను. డల్లాస్‌లో 14 రాత్రి 10 అంటే మనకు 15 ఉదయం 9:30, అందుకని. లైట్లకు 19 రాత్రి కూడా అదే లెక్క. పంపేముందు ఈ తేదీలన్నీ ఒకసారి కాగితం మీద వేసి చూసుకోండి.

"జవాబు రాకపోతే ఒప్పుకున్నట్టే భావిస్తాం" అన్న వాక్యం ఇందులో లేదు, కావాలనే పెట్టలేదు. ఒప్పందంలో అలా రాసుకుని ఉంటే తప్ప, తర్వాత మార్చలేని పనికి ఆ మాట వాడటం ప్రమాదం. కాంక్రీటు పడ్డాక ఆయన "నేను ఒప్పుకోలేదే" అంటే పగలగొట్టే ఖర్చు మనదే అవుతుంది.

డబ్బు వాక్యంలో "మీరు చెల్లించాలి" అని కూడా లేదు. మొదటి ఉత్తరంలో ఖర్చు చూపిస్తే చాలు. ఎవరు భరించాలో ఒప్పందం చెప్తుంది, ఆ చర్చ ఇక్కడే లేవదీస్తే ఆయన బాత్రూమ్ సంగతి వదిలేసి దానికే జవాబు రాస్తారు.

పంపాక

ఉత్తరం ఒప్పందంలో రాసుకున్న మెయిల్‌కే పంపండి. వాట్సాప్‌లో "మెయిల్ పంపాను సార్, 16 రాత్రిలోపు ఒక్క నిర్ణయం కావాలి" అని ఒక్క వాక్యం పెట్టండి. రెండు రోజులకీ జవాబు లేకపోతే ఫోన్ చేయండి. ఫోన్‌లో ఏమన్నా, అదే రోజు "ఇందాక ఫోన్‌లో మీరు చెప్పింది ఇది" అని మెయిల్ రాయండి. బొటనవేలు గుర్తు, "ఓకే అండీ" అన్న వాయిస్ మెసేజ్ వస్తే ఏది ఓకేనో తిరిగి అడగండి. (అ), (ఆ) రెండూ అడిగిన మెసేజ్‌కు ఓకే అంటే అర్థమేమీ లేదు.

సైటు చూసుకునే బావమరిది గారో, నాన్నగారో "మా వాడికి నేను చెప్తాలే, కానిచ్చేయండి" అంటారు. మర్యాదగానే, "అలాగేనండీ, మీ మాటే చాలని బాబు గారు ఒక్క మెయిల్ పెడితే రేపే మొదలుపెడతాం" అనండి. ఆ మెయిల్ రాకుండా ఇనుము కట్టించకండి.

గడువు దాటిపోతే రెండో ఉత్తరం పొట్టిగా ఉండాలి. మొదటి ఉత్తరం తేదీ, జవాబు రాలేదన్న సంగతి, మనుషుల్ని ఎక్కడికి పంపామన్నది, కొత్త తేదీ, అప్పగింత గడువు ఎన్ని రోజులు పొడిగించమని అడుగుతున్నామన్నది. చట్టం ప్రస్తావన కావాలంటే అది ఇక్కడికే తగుతుంది. కాంట్రాక్టు చట్టం, 1872లోని సెక్షన్ 67 సరిగ్గా ఇలాంటి పరిస్థితికే ఉంది. పని చేయడానికి తగిన వీలు కల్పించకపోతే, అందువల్ల జరగని పనికి చేసేవాడిది బాధ్యత కాదంటుంది. చట్టంలో ఇచ్చిన ఉదాహరణ కూడా ఇంటి మరమ్మతే: ఎక్కడెక్కడ బాగుచేయాలో ఇంటాయన చూపించకపోతే, ఆ కారణంగా పని జరగనందుకు ఒప్పుకున్నవాడి తప్పు లేదు.

గడువు దాటాక వచ్చిన ఆమోదాన్ని అందుకున్న రోజునే ఇంకో చిన్న మెయిల్ పంపండి. "మీ ఆమోదం డిసెంబర్ 19న అందింది. పని 20న మొదలవుతుంది. ఈ ఆలస్యం వల్ల అయ్యే అదనపు సెంట్రింగ్ అద్దె, గడువు పొడిగింపు విషయం అలాగే ఉంది, బిల్లుతో పాటు లెక్క పంపుతాను" అని. సెక్షన్ 55 ప్రకారం, ఆలస్యంగా జరిగినదాన్ని నోరెత్తకుండా అంగీకరించి తర్వాత ఆ ఆలస్యానికి పరిహారం అడిగితే కుదరకపోవచ్చు. అంగీకరించే సమయంలోనే అడగబోతున్నామని తెలపాలి. మొత్తం పెద్దదైతే ఈ మెయిల్‌ను పంపేముందు ఒక వకీలుకు చూపించండి. ఆ మెయిల్‌కు సెంట్రింగ్ అద్దె రసీదులు, తేదీలు కనిపించే సైటు ఫోటోలు జతచేసి పెట్టుకుంటే చివరి బిల్లు దగ్గర వెతుక్కునే పని ఉండదు.